పసుపు గళ్ళలో బస్సు తోక

డబ్బా అక్కని మీరు ఒక్కసారైనా కలిసి తీరాలి. రేపు మాపు అని వాయిదా వెయ్యొద్దు, వీలైతే ఈ వారంలోనే కలవండి. ఆవిడతో పది నిమిషాలు కూర్చుని లేచాక మీరు రోడ్డుని మునుపటిలా చూడలేరు. గ్రీన్ లైటు పడగానే కాలు యాక్సిలరేటర్ మీదికి దానంతటదే పోయే జబ్బు కూడా నయమైపోతుంది.

డబ్బా అంటే గొప్పలు చెప్పుకునే మనిషి అనుకునేరు, అదేం కాదు. నాలుగు రోడ్ల కూడళ్ళలో నేల మీద పసుపు రంగుతో అడ్డగీతలు కొట్టి ఉంటాయే, ఎల్లో బాక్స్ అంటారు, దాంట్లో ఆగిపోయిన బళ్ళ వీడియోలు చూడటం ఆవిడ ఉద్యోగం. బాక్సుని ఆఫీసువాళ్ళు డబ్బా చేశారు, ఆవిడని డబ్బా అక్క చేశారు. వయసు యాభై రెండు. అంతకుముందు పద్నాలుగేళ్ళు సిటీ బస్సులో కండక్టరు. టికెట్లిచ్చే పని మిషన్లకి పోయాక, ఆవిడని తెచ్చి ఈ కెమెరాల గదిలో కూర్చోబెట్టారు.

గది మూడో అంతస్తులో. కిటికీలకి నల్ల పరదాలు, ఎనిమిది బల్లలు, బల్లకి రెండు తెరలు. ఏసీ ఎంత చల్లగా ఉంటుందంటే అందరూ నడి ఎండాకాలంలో కూడా స్వెట్టర్లు వేసుకుని పని చేస్తారు. డబ్బా అక్క కుర్చీకి ఒక చక్రం సరిగా తిరగదు. మార్చమని ఎవరైనా అంటే, "ఉండనీ నాయనా, బస్సులో పద్నాలుగేళ్ళు నిలబడ్డాను. నాకు కూర్చోడమే మహాభాగ్యం" అంటుంది.

పని పైకి తేలిక. కూడలిలో కెమెరా ఎవరైనా గళ్ళలో ఆగితే ఆ ముక్కని కత్తిరించి ఈ గదికి పంపుతుంది. కెమెరాకి ఆగడమే తెలుసు, ఎందుకు ఆగిందో తెలీదు. ఎందుకో చూడాల్సింది మనిషి. అంబులెన్సుకి దారిచ్చి ఆగాడా? పోలీసు చెయ్యెత్తితే ఆగాడా? ఎవరైనా హఠాత్తుగా అడ్డం పరిగెత్తారా? అయితే వదిలెయ్యాలి. మలుపు తిరిగేవాడికి ఇంకో వెసులుబాటు ఉంది. తను వెళ్ళాల్సిన దారి ఖాళీగానే ఉండి, కేవలం ఎదురొచ్చే బళ్ళు పోవాలని గళ్ళలో నిలబడితే తప్పు లేదు. అవేవీ కాకుండా, అవతల చోటు లేదని కళ్ళకి కనపడుతున్నా లోపలికి దూరి, ముందు బళ్ళ వెనక ఆగిపోతే మాత్రం జరిమానా.

జరిమానా నోటీసు అందుకున్న ప్రతివాడూ ఫోన్ చేసి అడిగేది ఒకటే మాట. "గ్రీన్ ఉంది కదండీ! గ్రీన్‌లో వెళ్తే ఫైన్ ఏంటండీ, విడ్డూరం కాకపోతే!"

డబ్బా అక్క ప్రతిసారీ ఓపిగ్గా, అదేదో మొదటిసారి చెప్తున్నట్టు చెప్తుంది. "బాబూ, గ్రీన్ అంటే 'రా' అని కాదు, 'చోటుంటే రా' అని. మీరు మధ్యలో ఆగారు. మీ గ్రీన్ పోయి అడ్డం రోడ్డు వాళ్ళకి గ్రీన్ పడింది. వాళ్ళు ఎలా వెళ్తారు, మీ మీంచి వెళ్తారా? వాళ్ళ గ్రీన్ మట్టి కొట్టుకుపోయింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో అని వాళ్ళూ దూరతారు. వాళ్ళ తోక ఇంకో రోడ్డుకి అడ్డం. ఇక నాలుగు వైపులా ఒకడి తోక ఒకడు తొక్కి పట్టుకుని కూర్చుంటారు. తిలా పాపం తలా పిడికెడు!"

"నేనొక్కణ్ణి ఆగితే ఇంత గోలా అండీ?"

"ఒక్కడితోనే బాబూ మొదలయ్యేది."

పక్క బల్ల కళ్ళజోడు కుర్రాడు ఇవన్నీ విని పడీ పడీ నవ్వుతాడు. ముప్ఫై దాటినా అందరికీ కుర్రాడే. అద్దాలు సీసా అడుగుల్లా ఉంటాయి. "అక్కా, మీరు ఫైన్ వెయ్యట్లేదు, పాఠం చెప్తున్నారు" అంటాడు. "పాఠం వినేవాడికి ఫైన్ ఎందుకురా" అంటుంది ఆవిడ.

ఇంతకీ ఆవిడకో తమ్ముడున్నాడు. సిటీ బస్సు డ్రైవరు. ఇరవై మూడేళ్ళ సర్వీసులో ఒక్క గీత కూడా పడని మనిషి. అక్క కండక్టరుగా ఉన్న రోజుల్లో ఐదేళ్ళు ఇద్దరూ ఒకే బస్సు మీద పని చేశారు. ముందు తమ్ముడు, వెనక తలుపు దగ్గర అక్క. డ్రైవరుకి బస్సు ముక్కు తెలుస్తుంది, తోక తెలిసేది కండక్టరుకే. స్టాపులోంచి బయటికి తీసేటప్పుడు ఆవిడ వెనకనించి "తోక దాటిందిరా!" అని అరిస్తే గానీ అతను స్టీరింగు తిప్పేవాడు కాదు. ప్రయాణికులకి అదో వినోదం.

ఇప్పుడు తమ్ముడికి నడుం పోయింది. డాక్టరు రెండు ఎముకల మధ్య మెత్త అరిగిందన్నాడు. రోజుకి తొమ్మిది గంటలు సీటులో కూర్చుంటే సాయంత్రం దిగేటప్పుడు కడ్డీ పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగాలి. వాళ్ళావిడ రోజూ వేడి నీళ్ళ సంచీ పెడుతుంది. అలాంటి సమయంలో డిపోలో శిక్షకుడి పోస్టు ఖాళీ అయింది. కొత్త డ్రైవర్లకి నేర్పే పని. గంట బస్సులో ఉంటే గంట బల్ల దగ్గర, నడవచ్చు, నిలబడచ్చు. సీనియారిటీలో తమ్ముడిదే మొదటి పేరు. షరతు ఒక్కటే. గడిచిన ఏడాదిలో ఒక్క జరిమానా కూడా ఉండకూడదు.

"వదినా, ఈ నెలాఖరుకి ఆర్డరొస్తుందట. ఇక ఈయన నడుం బాగుపడినట్టే" అని మరదలు ఫోన్‌లో చెప్పిన రోజు డబ్బా అక్క గదిలో అందరికీ టీ తెప్పించింది.

ఆ తర్వాత వారం, ఓ మంగళవారం పొద్దున పదింటికి ఆవిడ తెర మీదికి ఒక ముక్క వచ్చింది. ఆస్పత్రి దగ్గరి కూడలి, టైము ఎనిమిదీ నలభై. పొడుగాటి బస్సు నడుం దాకా గళ్ళలో నిలబడి ఉంది. డ్రైవరు కిటికీలోంచి బయటికి పెట్టిన మోచెయ్యి, చేతికి నీలం పట్టీ. ఆ పట్టీ ఆవిడే కొనిచ్చింది.

రక్తసంబంధం ఉన్నవాళ్ళ ముక్క వస్తే ముట్టుకోకూడదు. రూలు అది. మరొకరికి పంపే బొత్తాం నొక్కి కారణం రాయాలి. ఆపైన ఆ కేసు గురించి జరిమానా వెయ్యమనీ కొట్టెయ్యమనీ ఒక్క ముక్క మాట్లాడకూడదు. ఆవిడ బొత్తాం నొక్కింది. 'డ్రైవరు నా తమ్ముడు' అని రాసింది. కాకపోతే మోచెయ్యి చూసి గుర్తుపట్టేలోపే వీడియో పద్దెనిమిది సెకన్లు నడిచిపోయింది. కళ్ళు చూసేశాయి. చూసినదాన్ని కళ్ళలోంచి ఎవరు తీస్తారు?

ముక్క వెళ్ళి కళ్ళజోడు బల్ల మీద పడింది. అతను ఒకసారి నడిపాడు, రెండోసారి నడిపాడు, కుర్చీ ఇటు తిప్పాడు.

"అక్కా, మాట్లాడకూడదు గానీ, కంగారు పడకండి. ఇదిగో, బస్సు గళ్ళలోకొచ్చాక పక్క లేనులోంచి తెల్ల కారొకటి తోసుకుని ముందుకి దూరింది. చోటు వాడు కొట్టేశాడు. మీ తమ్ముడి తప్పేముంది పాపం? టీ తాగొచ్చి కేసు కొట్టేస్తాను."

"నువ్వు చెప్పకు, నేను విననూ లేదు" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది. మనసు మీంచి మాత్రం పెద్ద బండ దిగింది. నిజమే, కారు దూరింది. మధ్యలో ఎవడో దూరి చోటు లాగేసుకుంటే దానికి డ్రైవరేం చేస్తాడు? అలాంటివి ఆవిడే ఎన్నో కొట్టేసింది.

క్యాంటీన్‌లో టీ సగం తాగిందో లేదో, అంతవరకూ బుర్రలో మూల నక్కిన గీతలు బయటికొచ్చాయి. ఆ పని చేసేవాళ్ళ అలవాటు అది. చోటు ఎంతుందో చూడాలంటే రోడ్డు మధ్య తెల్ల గీతల్ని లెక్కపెడతారు. ఆ రోడ్డు మీద గీత రెండు మీటర్లు, గీతకీ గీతకీ మధ్య ఖాళీ నాలుగు. బస్సు ముందు చక్రాలు గళ్ళ అంచు దాటుతున్న క్షణంలో, తెల్ల కారు ఇంకా పక్క లేనులోనే ఉంది. అప్పుడు గళ్ళ అవతలి అంచు నుంచి ఎదర ఆగి ఉన్న బండి దాకా ఎంత? ఒక గీత, ఒక ఖాళీ, మళ్ళీ ఒక గీత, ఆపైన ఓ బారెడు. పది మీటర్లకి కొంచెం తక్కువే.

ఆ బస్సు పన్నెండు మీటర్లు.

అంటే కారు దూరకపోయినా తోక గళ్ళలోనే! రెండు మీటర్లకి పైగా. అడ్డం రోడ్డులో ఒక లేను పూర్తిగా మూసుకుపోయేంత. కారు వచ్చి ఆ తప్పుని పెద్దది చేసింది, అంతే. తప్పు దానికంటే ముందే జరిగిపోయింది.

టీ చల్లారిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది. తమ్ముడు.

"అక్కా, పొద్దున ఆస్పత్రి దగ్గర ఒక దరిద్రుడు అడ్డం దూరాడే! గళ్ళలో ఇరుక్కుపోయాను. ముప్ఫై సెకన్ల పైన ఉంటాది. మీ దగ్గరికొస్తే..."

"నాతో ఆ మాట అనకు. నేను వినకూడదు."

"అబ్బ, నేనేం తప్పు చెయ్యమన్నానా? ఉన్నది ఉన్నట్టు చూడమంటున్నా. నా ముందు చోటుంది అక్కా! అమ్మ మీద ఒట్టు. బస్సు పట్టేంత చోటు చూసుకునే దూరాను. నీ తమ్ముణ్ణి, నాకు తెలీదా?"

ఆవిడకి నోటి దాకా వచ్చిన మాట ఆగలేదు. "ఏ బస్సు పట్టేంత చోటురా?"

"ఏ బస్సేంటి? బస్సంటే బస్సే. పొద్దున్నే నీకేమైంది?"

ఫోన్ పెట్టేశాక ఆవిడకి సంగతి అర్థమైంది. తమ్ముడు అబద్ధమాడలేదు. వాడి కళ్ళు ఆడాయి. పదకొండేళ్ళు ఆ రూటు మీద తొమ్మిది మీటర్ల పొట్టి బస్సు నడిపాడు. పొడుగు బస్సులొచ్చి ఇంకా మూడు వారాలు కూడా కాలేదు. చేతులు కొత్త స్టీరింగు పట్టుకున్నాయి గానీ కళ్ళు ఇంకా పాత బస్సునే నడుపుతున్నాయి. పది మీటర్ల ఖాళీ కనపడగానే లోపలి కొలబద్ద 'పడుతుంది, పో' అనేసింది. ఆ లెక్క పాత బస్సుకి నిజం. కొత్తదానికి వెనక మూడు మీటర్ల తోక ఎక్కువ. 'తోక దాటిందిరా' అని అరిచే మనిషి ఇప్పుడు వెనక తలుపు దగ్గర లేదు.

ఆ కళ్ళతోనే వచ్చే నెల నుంచి కొత్త డ్రైవర్లకి నేర్పుతాడు.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా అయింది ఆవిడ పని. ఊరుకుంటే కేసు పోతుంది, తమ్ముడి నడుం బతుకుతుంది. ఊరుకోడం తప్పు కూడా కాదు, రూలే నోరు మూసుకోమంది! నోరు విప్పితే రూలు తప్పినట్టు, తమ్ముణ్ణి ముంచినట్టు. కళ్ళజోడు కుర్రాడు చెడ్డవాడు కాదు. కారు కనపడగానే కారు మీదే కన్నుపడింది, గీతలు లెక్కపెట్టలేదు. పైగా అక్క తమ్ముడు కదా అన్న మెత్తదనం వేళ్ళలో ఎక్కడో ఉండే ఉంటుంది.

అన్నిటికంటే ఆవిణ్ణి పీకిన సంగతి ఇంకొకటుంది. పోయిన నెల ఇలాంటిదే ఒక కేసు. కూరగాయల వ్యాను, ముందు చోటు వ్యానుకి చాలదు, తర్వాత ఒక స్కూటరు దూరింది. 'స్కూటరు దూరిందండీ' అని ఆ వ్యానువాడు ఎంత మొత్తుకున్నా, "స్కూటరు రాకముందే మీకు చోటు లేదు బాబూ" అని చెప్పింది ఎవరు? డబ్బా అక్కే. ఆ వ్యానువాడికీ ఒక అక్క ఉండే ఉంటుంది.

ఆవిడ గదిలోకి తిరిగి వెళ్ళింది. కళ్ళజోడు ఇంకా రాలేదు. నేరుగా పై అధికారి మేడం గాజు గదిలోకి వెళ్ళి నిలబడింది.

"మేడం, ఒక ముక్కని వేరేవాళ్ళకి పంపేశాను. డ్రైవరు మా తమ్ముడు. కానీ తెలిసేలోపు పద్దెనిమిది సెకన్లు చూసేశాను. తర్వాత పక్కవాళ్ళు నాతో దాని గురించి రెండు మాటలన్నారు. వాళ్ళ తప్పు లేదు, నేనక్కడ కూర్చుని ఉండటమే తప్పు. ఇది ఈ గదిలో తేలకూడదు మేడం. నన్ను ఎరగనివాళ్ళు చూడాలి."

మేడం పెన్ను కింద పెట్టింది. "తమ్ముడికి అనుకూలంగా ఉందని భయమా, వ్యతిరేకంగా ఉందని భయమా?"

"అది చెప్తే నేను మాట్లాడినట్టవుతుంది కదండీ."

మేడం కాగితం ముందుకి తోసి, "సరే, రాసివ్వండి" అంది. ముక్క ఇంకో ఆఫీసుకి వెళ్ళింది. టీ తాగి తిరిగొచ్చిన కళ్ళజోడు బిత్తరపోయాడు. "అక్కా, మీకేమైనా పిచ్చా? ఒక్క నొక్కుడు మిగిలింది!"

"అందుకేరా."

మూడో రోజున తేలింది. అక్కడెవరో గీతలు లెక్కపెట్టారు. జరిమానా ఖాయం. శిక్షకుడి పోస్టు జాబితాలో రెండో పేరుకి వెళ్ళింది.

మరదలు ఫోన్ చేసింది. అరవలేదు. అరిచినా బాగుండేది. "వదినా, మీ చేతిలో ఉన్నది మీరు చెయ్యలేదు, అంతేగా? కానివ్వండి. ఈయన నడుం ఈయనే మోసుకుంటాడు లెండి" అని పెట్టేసింది. తమ్ముడు ఫోనే చెయ్యలేదు. పదిహేడు రోజులు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇద్దరూ అన్ని రోజులు మాట్లాడుకోకుండా ఎప్పుడూ లేరు. డబ్బా అక్క ఆఫీసులో ఫోన్లెత్తి "గ్రీన్ అంటే చోటుంటే రా అని బాబూ" అంటూనే ఉంది గానీ, గొంతులో మునుపటి ఊపు లేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పి, రెండు ముద్దలు తిని మూసేసేది.

పద్దెనిమిదో రోజు ఆదివారం. పొద్దున్నే తమ్ముడు తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"చెప్పులేసుకో. ఆస్పత్రి దాకా పోదాం."

"నడుం ఎలా ఉందిరా?"

"ఉంది. పద."

ఇద్దరూ కూడలి దగ్గర కాలిబాట మీద, మందుల కొట్టు మెట్టు పక్కన నిలబడ్డారు. ఆస్పత్రి దగ్గర ఆదివారమైనా రద్దీ తగ్గదు. పొడుగు బస్సులు వస్తున్నాయి. తమ్ముడు వాటిని వేలితో చూపించాడు. మొదటి బస్సు గళ్ళ ముందే ఆగింది, వెనక కార్లన్నీ హారన్లు మోగించినా కదల్లేదు. రెండోది దూరింది, తోక గళ్ళలో ఉండిపోయింది. మూడోది కూడా. అది తమ్ముడితోపాటే పొట్టి బస్సులోంచి పొడుగు బస్సుకి మారిన స్నేహితుడిది. అడ్డం రోడ్డుకి గ్రీన్ పడింది. అందరికంటే ముందున్న పాల వ్యానువాడు రెండుసార్లు హారన్ కొట్టి, విసిగిపోయి ఇంజను ఆపేసి, స్టీరింగు మీద గడ్డం ఆనించుకున్నాడు. వాడి వెనక బళ్ళు వంతెన దాకా. గ్రీన్ మొత్తం అలాగే కరిగిపోయింది. రెండు సైకిళ్ళు మాత్రం సందు చూసుకుని దాటాయి.

"లోపల కూర్చుంటే ఇది కనపడదు" అన్నాడు తమ్ముడు. "అద్దంలో ఉంటాది, కానీ కనపడదు."

"నీ ఒక్కడిదే కాదురా. ఇంత కొద్ది రోజుల్లో ఎవరి కళ్ళు పొడుగవుతాయి?"

"డిపోలో చెప్పాను. యార్డులో నేల మీద పన్నెండు మీటర్లకి సున్నం గీత కొట్టిస్తున్నారు. మారినవాళ్ళంతా ముందు దాని మీద నిలబెట్టి చూసుకోవాలి. పోస్టు నా తర్వాతివాడిది, ఐడియా నాది." నవ్వబోయి నడుం పట్టుకున్నాడు.

ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుంది. అతను విదిలించుకోలేదు.

"ఒక్కటడుగుతా" అన్నాడు. "వాళ్ళు గీతలు లెక్కెట్టి వేశారు, ఒప్పుకున్నా. తప్పు నాదే. కానీ ఆ రోజు ఫోన్‌లో నీకు తెలుసు కదా? 'ఏ బస్సు' అని అడిగావు చూడు, అప్పటికే తెలుసు. నాకు ముందు చెప్పి ఉంటే నేనే పోయి ఒప్పుకునేవాణ్ణి. పరువన్నా దక్కేది. మేడం దగ్గరికి పోయావని విన్నా. పోయే ముందు నా దగ్గరికెందుకు రాలేదక్కా?"

"చెప్పకూడదురా. రూలు."

"రూలు సరే. అక్కవి కదా?"

డబ్బా అక్కకి రోజుకి యాభై ఫోన్లొస్తాయి. ఎవరేం అడిగినా జవాబు నాలుక చివర ఉంటుంది. ఆ ఒక్కదానికి మాత్రం ఆవిడ దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. తమ్ముడు ఇప్పుడు వస్తున్నాడు, పోతున్నాడు, మరదలు కూడా వదినా అని పిలుస్తోంది. నడుం మాత్రం అలాగే ఉంది. వచ్చే ఏడాది దాకా అలాగే కడ్డీ పట్టుకుని దిగాలి.

చెప్పండి మరి. ఆ చక్రం తిరగని కుర్చీలో మీరున్నారనుకోండి. పక్కవాడు ఒక్క నొక్కుడుతో కొట్టేయబోతున్నాడు, ఫోన్‌లో మీ తమ్ముడు అమ్మ మీద ఒట్టేసి తను నమ్మిన నిజమే చెప్తున్నాడు, మీకు మాత్రం గీతల లెక్క తెలుసు. నోరు మూసుకునేవారా, మేడం గదిలోకి నడిచేవారా, లేక రూలు పక్కన పెట్టి ముందు తమ్ముడికే చెప్పేవారా?